తుది ఇంటర్వ్యూ తర్వాత ‘కాదు’ అని చెప్పే మెయిల్

తుది ఇంటర్వ్యూ దాకా వచ్చిన అభ్యర్థికి ఉద్యోగం ఇవ్వడం లేదని సంస్థ రాసే మెయిల్ పది పదిహేను వాక్యాలకు మించదు. అయినా నియామకాల పనిలో రాయడానికి కష్టమైనదీ, తరచూ చెడిపోయేదీ ఇదే. దరఖాస్తు దశలోనే ఆగిపోయిన వందల మందికి ఒకే నమూనా జవాబు వెళ్లినా పెద్దగా ఎవరూ నొచ్చుకోరు. తుది దశ సంగతి వేరు. అక్కడికి చేరిన ఇద్దరు ముగ్గురు అప్పటికే ఒకటి రెండు రౌండ్లు దాటి ఉంటారు. సెలవు పెట్టి, ప్రయాణం చేసి, పే స్లిప్పులూ సర్టిఫికెట్ల నకళ్లూ ఇచ్చి, జీతం ఎంత కావాలో, ఎప్పటికి చేరగలరో కూడా మాట్లాడి ఉంటారు. చేతిలో మరో ఆఫర్ ఉన్నవారు దానికి ఔననీ కాదనీ చెప్పకుండా రోజులు నెట్టుకొస్తుంటారు.

ఇలాంటి మనిషికి వెళ్లే మెయిల్ మూడు పనులు చేయాలి. నిర్ణయం ఏమిటో సందేహానికి తావు లేకుండా చెప్పాలి. దాని వెనకున్న కారణం నిజాయితీగా చెప్పాలి. ఈ ఉద్యోగం కోసం ఇక ఎదురుచూడనక్కర్లేదని తెలియజేయాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా, మెయిల్ ఎంత తియ్యగా ఉన్నా అభ్యర్థికి నష్టమే.

ఎప్పుడు పంపాలి

ఇంటర్వ్యూ ప్యానెల్ తేల్చిన రోజునే మెయిల్ వెళ్లడం అరుదు. ప్యానెల్ నిర్ణయానికి పైఅధికారుల ఆమోదం కావాలి, ఎంపికైనవారితో జీతం కుదరాలి, ఆఫర్ లెటర్ వెళ్లాలి, వారు ఒప్పుకోవాలి. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో 90 రోజుల నోటీసు పీరియడ్ మామూలే. ఆఫర్‌కు ఒప్పుకున్న వ్యక్తి కూడా ఆ మూడు నెలల్లో మరో సంస్థ ఎక్కువ జీతం ఇస్తానంటే మనసు మార్చుకోవచ్చు. అందుకే హెచ్‌ఆర్ వాళ్లు రెండో స్థానంలో ఉన్న అభ్యర్థికి ఏమీ చెప్పకుండా చేతిలో ఉంచుకుంటారు. తుది ఇంటర్వ్యూ తర్వాత వారాల తరబడి సాగే మౌనానికి ఎక్కువసార్లు కారణం ఇదే. అభ్యర్థికి ఈ సంగతి తెలియదు. ఫోన్ చేస్తే ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న మాటే వినిపిస్తుంది.

సంస్థ అవసరం అర్థం చేసుకోదగ్గదే, దాచిపెట్టడమే తప్పు. దీన్ని రెండు దశలుగా చేయవచ్చు. మొదటి ఎంపిక చేసిన వ్యక్తి జవాబు ఇంకా రానప్పుడు, రెండో అభ్యర్థికి ఉన్న మాటే రాయాలి: ‘ఈ ఉద్యోగాన్ని ముందుగా మరొకరికి ఇవ్వజూపాం. వారి జవాబు ఈ నెల 14లోగా వస్తుంది. ఆ మర్నాడు మీకు తుది నిర్ణయం తెలియజేస్తాం. ఈలోగా మరో అవకాశం వస్తే మా కోసం ఆపుకోవద్దు.’ ఈ నాలుగు వాక్యాలు చదివినవారికి తామెక్కడ ఉన్నదీ తెలుస్తుంది. మొదటి వ్యక్తి ఒప్పుకున్నాక, ఒకటి రెండు పనిదినాల్లో అసలు మెయిల్ వెళ్లాలి. నోటీసు పీరియడ్ ముగిసి ఆ వ్యక్తి నిజంగా చేరేదాకా ఆగడం మాత్రం న్యాయం కాదు. మూడు నెలల తర్వాత ఖాళీ మళ్లీ తెరుచుకుంటే, అప్పుడు కొత్తగా ఫోన్ చేసి అడగవచ్చు. ఆసక్తి ఉన్నవారు వస్తారు.

ఈ మౌనాన్ని కొన్ని ప్రభుత్వాలు చట్టంతోనే అరికట్టాయి. తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలో స్థిరపడిన కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్‌లో 2026 జనవరి 1 నుంచి ఒక నియమం అమల్లో ఉంది. 25 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ, బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసిన అభ్యర్థికి, చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 రోజుల్లోగా నియామక నిర్ణయం జరిగిందో లేదో తెలియజేయాలి. ఈ విషయం రాతపూర్వకంగానో, ముఖాముఖిగానో, ఫోన్ వంటి సాధనాల ద్వారానో చెప్పవచ్చు. మన దేశంలో ప్రైవేటు సంస్థలకు ఇలాంటి గడువు విధించే నియమం లేదు కాబట్టి, ఆ గడువును సంస్థే తనకు తాను పెట్టుకోవాలి.

మొదటి రెండు వాక్యాలు

చేదు వార్తను ముందుగా పొగడ్తలతో కప్పి, కారణాలు చెప్పి, ఆఖరున అసలు విషయం తేల్చాలని వ్యాపార లేఖల పాఠ్యపుస్తకాలు చాలాకాలం నేర్పాయి. అమెరికా పరిశోధకురాలు కిట్టీ లాకర్ ఈ సలహాను పరీక్షించి 1999లో ఫలితాలు ప్రచురించారు. అప్పు నిరాకరించే లేఖలు, పీజీ కోర్సులో ప్రవేశం నిరాకరించే లేఖలు నమూనాగా రాయించి, వాటిని చదివిన కాలేజీ విద్యార్థుల స్పందన చూశారు. ముందుగా వేసిన మెత్తని వాక్యాల వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఆఖరున సంస్థ తనను తాను గట్టిగా పొగుడుకున్న లేఖలైతే ఎదురుతిరిగాయి. అవి నిజమైన ఉద్యోగ అభ్యర్థుల మీద చేసిన ప్రయోగాలు కావు. అయినా ఆ ఫలితం తుది ఇంటర్వ్యూ మెయిల్‌కు సరిగ్గా సరిపోతుంది. ఇన్‌బాక్స్‌లో సంస్థ పేరు చూసిన క్షణం నుంచి అభ్యర్థి వెతికేది ఒక్కటే, వచ్చిందా రాలేదా అని. ఆ జవాబు దొరికేదాకా మిగతా వాక్యాలు కళ్ల ముందు నుంచి జారిపోతాయి. నాలుగు పొగడ్తల తర్వాత ‘అయితే’ అన్న మాట ఎదురైతే, పొగడ్తలు కూడా అబద్ధాల్లా కనిపిస్తాయి.

కాబట్టి నిర్ణయం మొదటి రెండు వాక్యాల్లో ఉండాలి. మొబైల్‌లో మెయిల్ తెరవకముందే తొలి వాక్యం తెరపై కనిపిస్తుంది కాబట్టి, విషయం గడిలో ‘శుభాకాంక్షలు’, ‘మీ దరఖాస్తుపై అప్‌డేట్’ వంటి మాటలు కాకుండా ‘ఉద్యోగం పేరు, ఇంటర్వ్యూపై మా నిర్ణయం’ అని ఉంటే చాలు. ‘ఎంపిక కాలేదు’ అనడం కంటే ‘ఎంపిక చేయలేదు’ అనడం మేలు, ఎందుకంటే నిర్ణయం తీసుకున్నది సంస్థే, దాని బాధ్యతా సంస్థదే. ‘ప్రస్తుతానికి’, ‘ఈ దశలో’ అన్న మాటలు తలుపు కొంచెం తెరిచి ఉంచినట్టు వినిపిస్తాయి. నిజంగా తెరిచి లేనప్పుడు అవి తీసేయాలి.

మెయిల్ ఎవరి పేరుతో వెళుతుందన్నది కూడా ఇక్కడే తేలాలి. తుది ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న మేనేజర్ పేరుతో, లేదా మొదటి నుంచీ మాట్లాడిన హెచ్‌ఆర్ అధికారి పేరుతో వెళ్లాలి. జవాబు రాస్తే చేరని `noreply` చిరునామా నుంచి వచ్చిన మెయిల్, ముఖాముఖి గంటసేపు మాట్లాడిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టినట్టు ఉంటుంది. కొందరు ముందుగా ఫోన్ చేసి చెబుతారు. అది మంచి పద్ధతే కానీ ఒక చిక్కు ఉంది. ఫోన్ ఎత్తలేకపోయిన అభ్యర్థి సంస్థ నంబర్ నుంచి మిస్డ్ కాల్ చూసి, ఉద్యోగం వచ్చిందనే అనుకుంటాడు. కాబట్టి ఫోన్ చేస్తే మెయిల్ సిద్ధంగా పెట్టుకుని చేయాలి. ఎత్తకపోతే వెంటనే మెయిల్ పంపేయాలి. ఎత్తితే, చెప్పిన మాటే రాతలోనూ వెళ్లాలి.

కారణం ఎంతవరకు చెప్పాలి

అభ్యర్థులు ఎంపిక పద్ధతిని ఏయే విషయాల్లో న్యాయమైనదిగా భావిస్తారో వివరిస్తూ స్టీఫెన్ గిల్లిలాండ్ 1993లో ఒక నమూనా ప్రతిపాదించారు. సకాలంలో సమాచారం ఇవ్వడం, నిర్ణయానికి కారణం చెప్పడం, నిజాయితీగా ఉండటం, మనిషిగా మర్యాద చూపడం అందులో ఉన్నాయి. ఉద్యోగం రాకపోయినా ఈ నాలుగూ దక్కిన అభ్యర్థి ఆ నిర్ణయాన్ని అన్యాయంగా తలచే అవకాశం తక్కువ.

కారణం ఒక్కటి చాలు. అది ఉద్యోగం అడిగే పనికి సంబంధించినదై, ప్యానెల్ నోట్సులో అప్పటికే రాసి ఉన్నదై ఉండాలి. రెండో షరతు చాలామంది పట్టించుకోరు. మెయిల్ రాసేటప్పుడు వినడానికి బాగుండే కారణాన్ని కొత్తగా కల్పిస్తే, ప్యానెల్‌లోని మరొకరు అదే అభ్యర్థితో మాట్లాడినప్పుడు వేరే మాట బయటికి వస్తుంది. యూరప్, బ్రిటన్‌లలో అభ్యర్థి తన వ్యక్తిగత సమాచారం ప్రతిని అడిగే హక్కు ఉంది. తన గురించి ప్యానెల్ రాసుకున్న నోట్సు కూడా ఆ లెక్కలోకి రావచ్చు. నోట్సు ఒకటి, మెయిల్ ఇంకొకటి చెబితే సంస్థ మాట నిలవదు.

చెప్పకూడని కారణాలూ ఉన్నాయి. వయసు, పెళ్లి, పిల్లలు, ఆరోగ్యం, ఊరు, కులం, మతం ఊసెత్తే ఏ మాటా మెయిల్‌లోకి రాకూడదు. అంతకంటే ముఖ్యంగా అవి నిర్ణయంలోకే రాకూడదు. మన వేతనాల కోడ్, 2019 ఒకే రకమైన పనికి నియమించేటప్పుడు లింగ వివక్షను నిషేధించింది. ‘మా వాతావరణానికి మీరు సరిపోరని అనిపించింది’ అన్న వాక్యం ఇలాంటి అనుమానాలన్నిటికీ చోటిస్తుంది, పైగా అభ్యర్థికి దానివల్ల తెలిసేది ఏమీ లేదు. ఒక పని చేయడంలో తేడా చూపించగలిగితే అది కారణం. మనిషి స్వభావం మీద తీర్పుగా మారితే అది కారణం కాదు.

రాసిన కారణం నేర్చుకుని దిద్దుకోగలిగినదైతే అభ్యర్థికి మరింత మేలు. కానీ దాన్ని హామీగా మార్చకూడదు. ‘ఈ కోర్సు చేసి వస్తే తీసుకుంటాం’ అనిపించే వాక్యం ఒక మనిషి చేత వేల రూపాయలు ఖర్చు చేయించగలదు.

ఒక ఉదాహరణ

ఒంగోలు ప్రాంతంలోని ఒక ప్రైవేటు డెయిరీ పాల సేకరణ మేనేజర్ కోసం వెతుకుతోందని అనుకుందాం. తుది ఇంటర్వ్యూకు ఇద్దరు వచ్చారు. మొదటి అభ్యర్థి కర్నూలు నుంచి రెండుసార్లు వచ్చారు. ఆరేళ్లుగా పాల ప్యాకెట్ల అమ్మకాలు చూస్తున్నారు, పాడి రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. రెండో అభ్యర్థి నాలుగేళ్లుగా బల్క్ మిల్క్ కూలర్లు ఉన్న కేంద్రాలను నడుపుతున్నారు. ప్యానెల్ ఇద్దరినీ ఒక ప్రశ్న అడిగింది. వేసవి రాత్రి కరెంటు పోయి, జనరేటర్ కూడా పని చేయకపోతే కూలర్‌లోని పాలను ఏం చేస్తారు? నాలుగు డిగ్రీల దగ్గర ఉండాల్సిన పాలు వేడెక్కేకొద్దీ పాడవుతాయి. రెండో అభ్యర్థి ఎవరికి ముందు ఫోన్ చేయాలో, ఏ ట్యాంకర్‌ను దారి మళ్లించాలో, ఏ పాలను విడిగా పరీక్షించాలో వరసగా చెప్పారు. మొదటి అభ్యర్థి జవాబు పైపైన ఉంది. అయితే రైతులకు చెల్లింపులు ఆలస్యమైతే పాలు పక్క డెయిరీకి ఎలా వెళ్లిపోతాయో వారే బాగా వివరించారు. ఉద్యోగం రెండో అభ్యర్థికి ఇచ్చారు, వారు ఒప్పుకున్నారు.

మొదటి అభ్యర్థికి మామూలుగా వెళ్లే మెయిల్ ఇలా ఉంటుంది:

“మా సంస్థ పట్ల మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు. మీతో మాట్లాడటం మాకెంతో ఆనందాన్నిచ్చింది. మీ అనుభవం, మాటతీరు ప్యానెల్‌ను ఎంతగానో ఆకట్టుకున్నాయి. ఎందరో ప్రతిభావంతులు పోటీ పడటంతో ఎంపిక చాలా కష్టమైంది. దురదృష్టవశాత్తూ ప్రస్తుతానికి మీ దరఖాస్తును ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం. మీ వివరాలు మా వద్ద భద్రపరచి, తగిన అవకాశం రాగానే తప్పక సంప్రదిస్తాం. వేగంగా ఎదుగుతున్న మా సంస్థతో మీ బంధం కొనసాగాలని కోరుకుంటున్నాం.”

ఇందులో కఠినమైన మాట ఒక్కటీ లేదు. అయినా చదివినవారికి అందే సందేశం తప్పు. నిర్ణయం ఐదో వాక్యంలో ఉంది. అది కూడా ఉద్యోగం ఇవ్వలేదని నేరుగా అనదు. ‘ఎందరో’ అన్నది నిజం కాదు, తుది దశలో ఉన్నది ఇద్దరే. ‘ఎంతగానో ఆకట్టుకున్నాయి’ అన్న తర్వాత కారణం లేకపోవడంతో, మరి ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆ ఖాళీలో అభ్యర్థి సిఫారసో, లంచమో, ఇంకేదో ఊహించుకోవచ్చు. ‘తప్పక సంప్రదిస్తాం’ అన్నది అన్నిటికంటే ప్రమాదకరం. అది నమ్మి కొన్ని నెలలు ఎదురుచూసేవారు ఉంటారు. సంస్థలో ఆ జాబితా తెరిచి చూసే మనిషే లేకపోతే అది ఉత్త మాట. పైగా వివరాలు దాచుకోవడం ఇప్పుడు మర్యాద వాక్యంగా వాడే మాట కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సేకరించిన అవసరం తీరాక సమాచారాన్ని తొలగించాలనే సూత్రం మీద నిలబడింది. దాచుకోవాలనుకుంటే అభ్యర్థి సమ్మతి అడగాలి.

ఇదే నిర్ణయాన్ని ఇలా రాయవచ్చు:

“విషయం: పాల సేకరణ మేనేజర్ ఉద్యోగం, మీ ఇంటర్వ్యూపై మా నిర్ణయం

… గారికి నమస్కారం.

పాల సేకరణ మేనేజర్ ఉద్యోగానికి మిమ్మల్ని ఎంపిక చేయలేదు. మరొకరికి ఆఫర్ ఇచ్చాం, వారు అంగీకరించారు. ఈ వార్త మీకు నిరాశ కలిగిస్తుందని తెలుసు.

ఈ ఉద్యోగంలో చేరినవారు మొదటి రోజు నుంచే పన్నెండు శీతలీకరణ కేంద్రాలను నడపాలి. ఎంపికైనవారికి అలాంటి కేంద్రాలను నడిపిన అనుభవం ఉంది. మా నిర్ణయానికి ప్రధాన కారణం ఇదే. చెల్లింపులు ఆలస్యమైతే రైతులు ఎలా ఆలోచిస్తారో మీరు చెప్పిన తీరు ప్యానెల్‌కు ఉపయోగపడింది, అది మా నోట్సులోనూ రాసుకున్నాం.

మీకు తగిన ఖాళీ మరేదీ ఇప్పుడు మా దగ్గర లేదు. మా నుంచి కబురు కోసం ఎదురుచూడవద్దు. ముందుముందు మేం ప్రకటించే ఏ ఉద్యోగానికైనా మీరు దరఖాస్తు చేయవచ్చు, దాన్ని కొత్త దరఖాస్తుగానే పరిశీలిస్తాం.

మీ రానుపోను ఛార్జీలు ఈ నెల 20లోగా మీ ఖాతాలో జమ అవుతాయి. మీరిచ్చిన సర్టిఫికెట్ల నకళ్లను ఈ నెలాఖరుకు తొలగిస్తాం.

ఈ నిర్ణయం గురించి అడగాలనుకుంటే ఈ మెయిల్‌కే జవాబు రాయండి. కర్నూలు నుంచి రెండుసార్లు శ్రమపడి వచ్చినందుకు కృతజ్ఞతలు.

(పేరు), పాల సేకరణ విభాగం అధిపతి”

ఇందులో ఉన్న ఒకే ఒక్క ప్రశంస ఇంటర్వ్యూలో నిజంగా జరిగిన దాని గురించే. అది కారణం తర్వాత వచ్చింది కాబట్టి చేదు మాత్రకు పూసిన తీపిలా అనిపించదు. అభ్యర్థి రైతులతో మాట్లాడగలరని పొగుడుతూ ‘మార్కెటింగ్‌లో చూద్దాం’ అని రాయలేదు, ఎందుకంటే అక్కడ ఖాళీ లేదు. ప్రయాణ ఖర్చులు, నకళ్ల సంగతి చిన్నవిగా కనిపించినా, వాటి కోసం అభ్యర్థి మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిన ఇబ్బంది తప్పిస్తాయి.

హైదరాబాద్ సంస్థల్లో ఈ మెయిళ్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వెళ్తాయి. భాష మారినా వాక్యాల వరస మారదు. ఇంటర్వ్యూ తెలుగులో జరిగితే మాత్రం మెయిల్ తెలుగులో రాయడమే సహజం.

నిజమైన ఆశ ఉన్నప్పుడు

కొన్నిసార్లు సంస్థకు నిజంగానే ఆ అభ్యర్థి మళ్లీ కావాల్సి ఉంటుంది. అప్పుడు ఆ సంగతి దాచనక్కర్లేదు. కానీ రాయడానికి మూడు విషయాలు ఉండాలి: ఏ ఉద్యోగం, ఎప్పటికి, ఎవరు సంప్రదిస్తారు. ‘సెప్టెంబరులో మార్కాపురం కేంద్రానికి సూపర్‌వైజర్ పోస్టుకు మంజూరు వచ్చింది. ప్రకటన వెలువడిన రోజు నేనే మీకు మెయిల్ పంపుతాను. ఎంపిక మళ్లీ ఇంటర్వ్యూతోనే జరుగుతుంది’ అన్నది ఆశ కాదు, సమాచారం. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా ఆ పేరా మొత్తం తీసేయడం మేలు.

పంపిన తర్వాత

మెయిల్ వెళ్లాక పని పూర్తిగా ముగియదు. ప్యానెల్‌లో అందరికీ దాని ప్రతి వెళ్లాలి. అభ్యర్థి వాట్సాప్‌లో పలకరిస్తే ‘నేనైతే మీకే మార్కులు వేశాను, పైవాళ్లు ఒప్పుకోలేదు’ అని ఒకరు ఓదార్చబోతే, ఒక్క మాటతో మెయిల్ మీద నమ్మకం పోతుంది. సంస్థ వెబ్‌సైట్‌లో దరఖాస్తు స్థితి ఇంకా ‘పరిశీలనలో ఉంది’ అని చూపిస్తుంటే దాన్నీ అదే రోజు మార్చాలి.

అభ్యర్థి తిరిగి రాస్తే ఒకసారి జవాబివ్వాలి. ‘నేను ఎక్కడ తగ్గాను’ అని అడిగితే, మెయిల్‌లో చెప్పిన కారణాన్నే ఇంకాస్త వివరంగా, ఇంటర్వ్యూలోని ఒక ప్రశ్నను గుర్తుచేస్తూ చెప్పవచ్చు. కొత్త కారణాలు చేర్చకూడదు, ఎంపికైనవారి పేరూ జీతమూ చెప్పకూడదు. ‘మరోసారి ఆలోచించండి’ అని అడిగితే, నిర్ణయం మారదని ఒక్క వాక్యంలో చెప్పాలి. కోపంతో రాసినవారికీ ఇదే పద్ధతి. వాదన రెండో ఉత్తరం దాటనివ్వకూడదు.

మెయిల్ సరిగ్గా వచ్చిందో లేదో పంపేముందే తెలుసుకోవచ్చు. ఈ నియామకంతో సంబంధం లేని సహోద్యోగి చేత ఒకసారి చదివించి రెండు ప్రశ్నలు అడగాలి: ఈ వ్యక్తికి ఉద్యోగం వచ్చిందా? ఇంకా ఎదురుచూడాలా? రెండింటికీ తడుముకోకుండా ‘లేదు’, ‘అక్కర్లేదు’ అన్న జవాబులు రావాలి. రాకపోతే ఆ మెయిల్‌ను పంపకుండా తిరగరాయాలి.